రెండు నిమిషాల్లో డబ్బులు పంపడం నేర్పే బొమ్మల వీడియో: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ప్రశ్న: మా పొదుపు సంఘాల అక్కలకు ఫోన్‌లో డబ్బులు పంపడం నేర్పడానికి రెండు నిమిషాల బొమ్మల వీడియో చేస్తున్నాం. స్క్రిప్ట్ నేనే రాశాను. ఖాతా కలపడం, పిన్ పెట్టుకోవడం, పంపడం, క్యూఆర్, బ్యాలెన్స్, మోసాలు అన్నీ పెట్టేసరికి ఆరు నిమిషాలు దాటింది. చదివి వినిపిస్తే అందరూ బాగుందన్నారు. చేతికి ఫోన్ ఇస్తే మాత్రం ఒక్కరూ పంపలేకపోయారు. ఏం తీసేయాలి, ఎలా రాయాలి? – ఒక పాఠకురాలు, మదనపల్లె

జవాబు:

ఖాతా కలపడం, పిన్ పెట్టుకోవడం ముందు తీసేయండి. అవి ముఖ్యం కాక కాదు, అవి ఇంకో వీడియో. ఖాతా కలిపేటప్పుడు ఫోన్ నుంచి బ్యాంకుకు ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. అది ఖాతాలో రాయించిన నంబరున్న సిమ్ నుంచే వెళ్లాలి. రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండో సిమ్ ఎంచుకుంటే ఖాతా దొరకలేదంటుంది. సరైన సిమ్ ఎంచుకున్నా అందులో రీచార్జ్ అయిపోయి ఉంటే మెసేజే కదలదు. ఆ తర్వాత డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, దాని గడువు తేదీ, ఓటీపీ అడుగుతుంది. కార్డు లేనివాళ్లకు ఆధార్ దారి ఉంది, అయితే ఖాతాకూ ఆధార్‌కూ ఒకే ఫోన్ నంబరు ఉండాలి. ఈ దశలో ఒక్కొక్కరిది ఒక్కో చిక్కు. పక్కన మనిషి కూర్చుని చేయించాల్సిన పని ఇది. పైగా ఇది ఒక్కసారి చేసేది. పంపడం నెలనెలా చేసేది. అందుకే మీ వీడియో ఖాతా కలిసిపోయి, పిన్ పెట్టుకున్నాక మొదలవ్వాలి.

నింపాదిగా చదివే తెలుగు గొంతుకు నిమిషానికి 90 మాటలకు మించి పట్టవు. మధ్యలో మౌనం కూడా కావాలి కాబట్టి రెండు నిమిషాలకు 150 మాటలు పెట్టుకోండి. ఆ కొలతలో ఒక మనిషి, ఒక పంపకం, ఒక చిక్కు పడతాయి. రమణమ్మ అనే ఆమె తిరుపతి హాస్టల్లో చదువుకుంటున్న కూతురు శైలజకు 1,500 రూపాయలు పంపుతుందనుకుందాం. కథ అంతవరకే.

ఇక బొమ్మ. ఇలాంటి వీడియోల్లో ఒక ఫోన్‌లోంచి రూపాయి నాణేలు ఎగిరి ఇంకో ఫోన్‌లో పడుతుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ నేర్పేది తప్పు. డబ్బు ఫోన్‌లో ఉందనుకున్న మనిషికి ఫోన్ పోతే డబ్బు పోయినట్టే, యాప్ చెరిపేస్తే పోయినట్టే, రీచార్జ్ అయిపోయినా పోయినట్టే. కొత్తవాళ్లు యాప్ ముట్టుకోకపోవడానికి సగం కారణం ఈ భయమే. అందుకని నాణేలు ఎగరేయకండి. తెర కింద ఇద్దరి ఫోన్లు, పైన ఇద్దరి బ్యాంకులు గీయండి. రమణమ్మ ఫోన్ నుంచి చిన్న చీటీ ఒకటి పైకి తన బ్యాంకుకు వెళ్తుంది. నోట్లు బ్యాంకు నుంచి బ్యాంకుకే కదులుతాయి. శైలజ ఫోన్‌కు మెసేజ్ మాత్రం దిగుతుంది. రెండు బ్యాంకుల మధ్య ఈ పంపకాలు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ ఉందనీ, ఫోన్‌తో డబ్బు పంపే ఈ యూపీఐ పద్ధతి 2016లో వచ్చిందనీ ఈ ప్రేక్షకులకు చెప్పనక్కర్లేదు. మీ స్క్రిప్ట్‌లో "సర్వర్" అన్న మాట ఎక్కడున్నా కొట్టేయండి.

మొదటి సీన్ ఇలా రాయవచ్చు, 25 సెకన్లు:

తెర: రెండు బ్యాంకులు, రెండు ఫోన్లు. చీటీ పైకి వెళ్తుంది. చీటీ కింద సంతకం జాగా ఖాళీగా ఉంది, అక్కడ నాలుగు చుక్కలు పడతాయి.
గొంతు: "రమణమ్మ డబ్బులు బ్యాంకులో ఉన్నాయి. ఫోన్‌లో లేవు. ఫోన్‌తో ఆమె బ్యాంకుకు ఒక మాట చెబుతుంది: నా ఖాతాలోంచి తీసి మా అమ్మాయి ఖాతాలో వెయ్యండి అని. ఆ మాట చెప్పింది రమణమ్మే అని బ్యాంకుకు తెలియాలి కదా. అందుకే పిన్. విత్‌డ్రా ఫారం మీద సంతకం ఎలాగో, ఫోన్‌లో పిన్ అలాగ."

సంఘం అక్కలు విత్‌డ్రా ఫారం నింపినవాళ్లే, లేదా పక్కన ఎవరైనా నింపితే సంతకమో వేలిముద్రో వేసినవాళ్లే. ఆ పోలిక వాళ్లకు ఇట్టే అందుతుంది. అందిన తర్వాత తాళం, తాళంచెవి, గుప్పెట, రహస్యం అంటూ ఇంకో పోలిక తేకండి. రెండు పోలికలు వింటే రెండు పిన్‌లు ఉన్నాయనుకుంటారు. నిజంగానే రెండు ఉన్నాయి కూడా, ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

రెండో సీన్ పేరు చూసుకోవడం. మీ పాత స్క్రిప్ట్‌లో దీనికి ఎంత చోటిచ్చారో గానీ, కొత్తదాంట్లో అన్నిటికన్నా ఎక్కువ ఇవ్వండి. పిన్ కొట్టాక వేరేవాళ్లకు చేరిన డబ్బు దానంతటది వెనక్కి రాదు. బ్యాంకుకు వెళ్తే వాళ్లు అవతలి బ్యాంకును అడుగుతారు, అవతలి మనిషి ఒప్పుకుంటేనే తిరిగొస్తుంది. ఆపగలిగే చోటు పేరు కనిపించే తెర ఒక్కటే.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే చిన్న విషయం ఒకటుంది. ఫోన్‌లో కూతురి నంబరు "చిట్టి" అని దాచుకుని ఉంటారు. యాప్‌లో నంబరు కొడితే K SAILAJA అని వస్తుంది. 2025 జూన్ 30 నుంచి డబ్బు పంపే ముందు బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని ఎన్‌పీసీఐ యాప్‌లకు చెప్పింది. మనం పెట్టుకున్న ముద్దుపేరు కాదు, పాస్‌బుక్ మీది పేరు. ఇది తెలియనివాళ్లు రెండు రకాలుగా పోతారు. కొందరు ఈ పేరెవరిదో అని బెదిరి ఆపేస్తారు. కొందరు పేరు ఎప్పుడూ ఇలా తేడాగానే వస్తుందిలే అని అలవాటుపడి, నిజంగా తప్పు పేరు వచ్చిన రోజు కూడా పంపేస్తారు. రెండో రకమే ప్రమాదం. శైలజ పాత నంబరు వదిలేసి కొత్తది తీసుకుంది అనుకోండి. పాత నంబరు కంపెనీ వేరేవాళ్లకు ఇస్తుంది. వాళ్లు దాన్ని తమ ఖాతాకు కలుపుకుంటారు. అమ్మ ఫోన్‌లో మాత్రం అది ఇంకా "చిట్టి"యే.

తెర: నంబరు కొట్టగానే K SAILAJA అని పెద్ద అక్షరాల్లో పేరు. పక్కన పాస్‌బుక్ బొమ్మ, దాని మీదా అదే పేరు.
గొంతు: "అమ్మాయి నంబరు కొట్టింది. పేరు వచ్చింది. ఫోన్‌లో చిట్టి అని ఉన్నా, ఇక్కడ బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. చదవండి." (మూడు సెకన్లు గొంతు ఉండదు, బొమ్మ కదలదు.) "మన అమ్మాయి పేరే. వేరే పేరు వస్తే ఆగిపోండి. అమ్మాయికే ఫోన్ చేసి అడగండి."

ఆ మూడు సెకన్లు ఎడిటర్ కోసేస్తాడు, కోయనివ్వకండి. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లకు ఆ మాత్రం వ్యవధి కావాలి. అసలే చదవలేనివాళ్ల కోసం "చదవండి" దగ్గర "లేకపోతే పక్కవాళ్లతో చదివించుకోండి" అని చేర్చవచ్చు. పేరు చదివించుకోవడంలో తప్పు లేదు, పిన్ కొట్టించుకోవడంలో ఉంది. ఆ తేడా మీ ట్రెయినర్ నోటితో చెప్పాలి, వీడియోలో ఇమడదు.

మూడో సీన్‌లో మొత్తం, పిన్ కలిపేయండి. మొత్తం దగ్గర ఎక్కువ సేపు అక్కర్లేదు, సున్నాలు ఒక్కసారి లెక్కపెట్టిస్తే చాలు.

గొంతు: "ఎంత పంపాలి? పదిహేను వందలు. ఒకటి, ఐదు, సున్నా, సున్నా. ఇంకో సున్నా పడితే పదిహేను వేలు. చూసుకుని పే నొక్కండి. ఇప్పుడు పిన్ అడుగుతుంది. ఇది ఫోన్ తెరిచే పిన్ కాదు, బ్యాంకు పిన్. ఎవరికీ కనపడకుండా కొట్టండి."

ఇందాక అన్న రెండు పిన్‌ల సంగతి ఇదే. యాప్ తెరవగానే చాలాసార్లు ఫోన్ లాక్ అడుగుతుంది: వేలిముద్ర, గీత లేదా నాలుగంకెలు. డబ్బు పంపేటప్పుడు ENTER UPI PIN అని ఇంకో తెర వస్తుంది. దానికి నాలుగో ఆరో అంకెల బ్యాంకు పిన్ కావాలి. కొత్తవాళ్లు ఇక్కడ ఫోన్ లాక్ నంబరు కొడతారు, తప్పంటుంది, మళ్లీ అదే కొడతారు. వరుసగా తప్పులు పడితే బ్యాంకు కొంతసేపు, చాలాసార్లు ఆ రోజంతా, పిన్ తీసుకోదు. మీ ట్రెయినింగ్‌లో "ఫోన్ ఇస్తే పంపలేకపోయారు" అన్నది ఇదే అయ్యుండవచ్చు. ఒకసారి చూసుకోండి. రెండు తెరలూ బొమ్మలో వేరుగా కనపడాలి. ఫోన్ లాక్ తెరకు ఫోన్ గుర్తు, పిన్ తెరకు మొదటి సీన్‌లోని బ్యాంకు గుర్తే పెట్టండి.

నిజమైన యాప్ తెరను రికార్డు చేసి పెట్టాలని మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. యాప్‌లు నెలకోసారి మారుతుంటాయి, బటన్ చోటు మారుతుంది, వీడియో పాతబడుతుంది. పైగా సంఘంలో నలుగురి దగ్గర నాలుగు యాప్‌లుంటాయి. మామూలు గీతలతో తెర గీసి, PAY లాంటి ఒకటి రెండు మాటలు మాత్రం ఫోన్‌లో ఎలా ఉంటాయో అలాగే ఇంగ్లిషు అక్షరాల్లో ఉంచండి, గొంతు దాన్ని "పే" అనే చెప్పాలి. "చెల్లించు" అని చెప్పి తెర మీద PAY చూపిస్తే వెతుక్కుంటారు. "కింద ఉన్న నీలం బటన్" లాంటి గుర్తులు చెప్పకండి, ఇంకో యాప్‌లో అది ఇంకో రంగులో పైన ఉంటుంది.

నాలుగో సీన్ చాలా స్క్రిప్టుల్లో ఉండదు. పంపేశాం, పచ్చ టిక్కు వచ్చింది, చప్పట్లు, అయిపోయింది. నిజజీవితంలో మొదటి నెలలోనే ఏదో ఒక రోజు టిక్కు రాదు. ఖాతాలో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, యాప్‌లో గడియారం గుర్తు తిరుగుతూ ఉంటుంది, కూతురు పడలేదంటుంది. జరిగేది ఏమిటంటే రమణమ్మ బ్యాంకు డబ్బు తీసింది, అవతలి బ్యాంకు వేశానో వేయలేదో జవాబు చెప్పలేదు. ఈలోగా రమణమ్మ కంగారుపడి ఇంకోసారి పంపుతుంది. కాసేపటికి మొదటిదీ తేలుతుంది, మూడు వేలు వెళ్తాయి. కూతురికైతే ఫర్వాలేదు. ఎరువుల కొట్టుకైతే పంచాయితీ.

తెర: ఒకే ఫోన్ బొమ్మ మీద మూడు గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి: టిక్కు, ఇంటూ, గడియారం. గడియారం దగ్గర రమణమ్మ వేలు మళ్లీ PAY వైపు వెళ్తుంది, ఆగుతుంది. తర్వాత లావాదేవీ వివరాల్లో 12 అంకెల నంబరు పెద్దదవుతుంది.
గొంతు: "పచ్చ టిక్కు వస్తే డబ్బులు చేరాయి. ఎర్ర ఇంటూ వస్తే చేరలేదు. గడియారం గుర్తు వస్తే ఇంకా తేలలేదు. అప్పుడు మళ్లీ పంపకండి. కట్ అయిన డబ్బు అమ్మాయికి పడుతుంది, లేదంటే మీ ఖాతాకే తిరిగొస్తుంది. రేపటిదాకా చూడండి. అప్పటికీ రాకపోతే బ్యాంకుకు వెళ్లి ఈ నంబరు చూపించండి."

రంగు ఒక్కదాని మీద ఆధారపడకండి, ఎండలో వెలుగు తగ్గించిన ఫోన్‌లో పచ్చా ఎరుపూ ఒకేలా ఉంటాయి. టిక్కు, ఇంటూ, గడియారం ఆకారాలు తేడాగా ఉండాలి.

"రేపటిదాకా" ఊరికే రాసింది కాదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి గడువులు పెట్టింది. మనిషి నుంచి మనిషికి పంపినప్పుడు ఇక్కడ కట్ అయి అక్కడ పడకపోతే, మర్నాటికల్లా తిరిగి వేయాలి. కొట్టుకు కట్టినప్పుడైతే ఐదు రోజులు. రమణమ్మ సోమవారం సాయంత్రం ఏడింటికి కూతురికి పంపితే మంగళవారం లోపల తేలాలి. అదే సోమవారం ఎరువుల కొట్టులో క్యూఆర్‌కు కట్టి ఉంటే శనివారం దాకా చూడాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి, అడగకుండానే. ఐదు రోజుల లెక్క, వంద రూపాయల లెక్క వీడియోలో పెట్టకండి, మీ ట్రెయినర్ కాగితంలో పెట్టండి. ఎర్ర ఇంటూ వచ్చినా ఒక్కోసారి ఖాతాలో కట్ అవుతుంది. దానికీ ఇదే గడువు, ఇదే జవాబు.

ఐదో సీన్ మోసం. మీ దగ్గర ఇప్పటికే ఉన్న పాత వీడియోల్లో "రిక్వెస్ట్" వచ్చి ఫోన్‌లో పే నొక్కమనే కథ ఉంటుంది. దాన్ని ఎత్తి రాసి ఉంటే తీసేయండి. మనిషి మనిషిని అలా అడిగే కలెక్ట్ రిక్వెస్టులను ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. ఇప్పటి కథ ఎక్కువగా క్యూఆర్‌తో నడుస్తుంది. సంఘం అక్క పాత కుట్టుమిషన్ అమ్మకానికి పెడుతుంది. కొంటానన్నవాడు ఫోన్ చేసి, "అడ్వాన్సు వేస్తున్నా, మీకో క్యూఆర్ పంపా, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు పడతాయి" అంటాడు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే పోవడమే గానీ రావడం ఉండదు.

ఇక్కడ ఒక వాక్యం సరిగ్గా రాయాలి. "పిన్ కొడితే డబ్బులు పోతాయి" అని చాలామంది రాస్తారు. గట్టిగా గుర్తుంటుంది, నిజమే. కానీ బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా అదే పిన్ కొట్టాలి. ఆ వాక్యం విన్న అక్క బ్యాలెన్స్ చూడబోయి పిన్ తెర రాగానే ఫోన్ కింద పెట్టేస్తుంది. లేదా ఒకసారి ధైర్యం చేసి కొట్టి, ఏమీ పోలేదని చూసి, మీరు చెప్పింది ఉత్తిదేనని తేల్చుకుంటుంది. ఇలా తిప్పి రాయండి:

గొంతు: "డబ్బులు మనకు రావాలంటే పిన్ అక్కర్లేదు. డబ్బులు వేస్తాం, పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే అది మోసం. ఫోన్ పెట్టేయండి."

ఈ మాట బ్యాలెన్స్ చూసేటప్పుడూ అబద్ధం కాదు, పంపేటప్పుడూ కాదు. చివరి తెర మీద 1930 నంబరు ఐదు సెకన్లు నిలపండి. డబ్బు పోగొట్టుకున్న వెంటనే చేయాల్సిన సైబర్ నేరాల ఫోన్ అది. ఆలస్యమైతే డబ్బు ఇంకో ఖాతాకు మారిపోతుంది కాబట్టి "వెంటనే" అన్న మాట ఆ నంబరు పక్కనే ఉండాలి. పైన గొంతు చెప్పేదంతా కలిపితే 150 మాటలకు అటూఇటూ ఉంటుంది.

గొంతు రాసేటప్పుడు "ఎప్పుడూ", "ప్రతిసారీ" వాడకండి. యూపీఐ లైట్ అని ఒకటుంది, కొంత సొమ్ము ముందే పక్కన పెట్టుకుని చిన్న చెల్లింపులు పిన్ లేకుండా చేసుకోవడం. కొన్ని చోట్ల పిన్‌కు బదులు వేలిముద్ర కూడా వస్తోంది. అవన్నీ వీడియోలో చెప్పక్కర్లేదు గానీ, "ప్రతిసారీ పిన్ అడుగుతుంది" అని చెప్పి ఉంటే రేపు లైట్ ఉన్న అక్కకు మీ వీడియో తప్పవుతుంది.

మాటల విషయానికొస్తే లావాదేవీ, లబ్ధిదారు, ధ్రువీకరణ తీసేసి పంపడం, పడడం, కట్ అవడం, తేలడం పెట్టండి, సంఘం మీటింగుల్లో వాళ్లు వాడేవి అవే. ఇదే వీడియోను తెలంగాణ సంఘాలకూ ఇవ్వాలనుకుంటే గొంతు మళ్లీ రికార్డు చేయించి "డబ్బులు" ఉన్నచోట "పైసలు" అనిపించండి.

పరీక్షకు "అర్థమైందా" అని అడగకండి, బాగుందనే అంటారు. వీడియో ఒక్కసారి చూపించి, ఖాతా కలిపిన ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి, మీ నంబరుకు పది రూపాయలు పంపమనండి. పక్కన నిలబడి ఏ తెర దగ్గర వేలు ఆగిందో రాసుకోండి, నోరు తెరవకండి. ముగ్గురు ఒకే చోట ఆగితే ఆ సీన్ మళ్లీ రాయాలి. తర్వాత ఒక్క ప్రశ్న: "గడియారం వచ్చింది, అమ్మాయి పడలేదంటోంది. ఇప్పుడేం చేస్తారు?" "మళ్లీ పంపుతా" అని జవాబొస్తే నాలుగో సీన్‌కు ఇంకో పది సెకన్లు ఇవ్వండి, అవి మొదటి సీన్ నుంచి తీసుకోండి.

పరీక్ష కూడా పది రూపాయలతోనే పెట్టండి. కొత్తగా ఖాతా కలిపిన మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు 5,000 రూపాయలకు మించి పంపనివ్వవు, ఆ తర్వాత మామూలుగా రోజుకు లక్ష దాకా. ట్రెయినింగ్ రోజునే ఖాతా కలిపి, ఎనిమిది వేల సంఘం కిస్తీ కట్టబోయి పోలేదంటే, యాప్ పనిచేయదని ఊరంతా చెప్పుకుంటారు. ఇలాంటి అంకెలు మాత్రం గొంతుతో చెప్పించకుండా తెర మీద రాతగానే ఉంచండి. పరిమితి మారిన రోజు ఆ ఒక్క రాత మార్చుకుంటే సరిపోతుంది, గొంతు మళ్లీ రికార్డు చేయించే ఖర్చుండదు.